మాటలు సరే, మాట చివర ఏముందో చూశారా?

ప్రశ్న: నాకు ఇంగ్లిష్ మాటలు బాగానే తెలుసు. కానీ ముందు తెలుగులో అనుకుని, తర్వాత ఇంగ్లిష్‌లోకి మార్చి రాస్తాను. మొన్న ఆఫీసులో ఒకరికి ఇలా చెప్పాల్సి వచ్చింది: "నాకు రెండు రోజుల నుంచి జ్వరంగా ఉంది. అందుకే ఆఫీసుకు రాలేకపోయాను. నిన్న మీరు పంపిన ఫైలు చూశాను. అందులో రెండు తప్పులున్నాయి. ఎప్పుడు సరిచేస్తారో చెప్పండి. మేనేజర్ గారు రేపు వస్తానని చెప్పారు." నేను రాసింది ఇది: "టు మీ ఫ్రమ్ టూ డేస్ ఫీవర్ ఈజ్ దేర్. సో ఐ కుడ్ నాట్ కేమ్ టు ఆఫీస్. యెస్టర్డే యు సెంట్ ఫైల్ ఐ సా. ఇన్ దట్ టూ మిస్టేక్స్ ఆర్ దేర్. టెల్ మీ వెన్ విల్ యు కరెక్ట్. మేనేజర్ టోల్డ్ దట్ ఐ విల్ కమ్ టుమారో." ఒక్కో మాటా డిక్షనరీ చూసే రాశాను. అయినా చదివినవాళ్ళు నవ్వారు. తప్పెక్కడ జరుగుతోంది? ఎలా దిద్దుకోవాలి?

జవాబు: జ్వరానికి ఫీవర్, తప్పుకు మిస్టేక్, సరిచేయడానికి కరెక్ట్. వీటిలో ఒక్కటీ తప్పు కాదు. మీరు వదిలేసినవి మాటల చివర అంటుకుని ఉండే చిన్న ముక్కలు. 'నాకు'లోని కు, 'రోజుల నుంచి'లోని నుంచి, 'పంపిన'లోని న, 'సరిచేస్తారో'లోని ఓ, 'వస్తానని'లోని అని. తెలుగులో ఎవరు, ఎప్పుడు, ఎవరితో ఏ సంబంధం అన్న సంగతులు చాలావరకు ఈ తోకలే చెబుతాయి. డిక్షనరీలో జ్వరం దొరుకుతుంది గానీ ఈ కు ఇక్కడ ఏం పని చేస్తోందో దొరకదు. ఇంగ్లిష్‌లో అదే పనిని మాటల వరస చేస్తుంది, లేదా క్రియ రూపం చేస్తుంది. అందుకని తోకకు బదులు ఇంకో మాట పెడితే సరిపోదు, చాలాసార్లు వాక్యాన్నే మళ్ళీ కట్టాలి. మీ ఆరు వాక్యాలూ వరసగా చూద్దాం.

మొదటిది 'నాకు'. కు కనిపించగానే చెయ్యి 'టు మీ' రాసేస్తుంది. అక్కడ ఒక్క క్షణం ఆగి క్రియ చూడండి. 'నేను వచ్చాను' అన్నప్పుడు క్రియ చివర ను ఉంది, అది నేనును పట్టుకుని నడుస్తోంది. 'నాకు జ్వరంగా ఉంది' అన్నప్పుడు ఆ ను లేదు. అంటే తెలుగులో 'నేను' ఇక్కడ ఏమీ చేయడం లేదు, ఒక స్థితి నామీదికి వచ్చి కూర్చుంది. ఇంగ్లిష్ ఇలాంటి చోట కూడా మనిషినే ముందు నిలబెడుతుంది. 'ఐ హ్యావ్ ఎ ఫీవర్.' నాకు తెలుసు, నాకు కావాలి, నాకు నచ్చింది, నాకు గుర్తుంది అనేవన్నీ ఈ కోవలోవే. ఇంగ్లిష్‌లో అవి ఐ నో, ఐ వాంట్, ఐ లైక్‌డ్ ఇట్, ఐ రిమెంబర్ అవుతాయి. ఆకలి, చలి, భయం లాంటివాటికి హ్యావ్ కూడా అక్కర్లేదు. ఐ యామ్ హంగ్రీ, ఐ యామ్ కోల్డ్, ఐ యామ్ స్కేర్డ్ అంటే చాలు.

ఈ కుటుంబంలోనే ఫోన్లో రోజూ దొర్లే తప్పు ఇంకొకటుంది. 'నాకు వినిపించడం లేదు' అని మనసులో అనుకుని 'నాట్ హియరింగ్ టు మీ' అంటారు. 'అర్థం కావట్లేదు' కాస్తా 'ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్' అవుతుంది. తెలుగు క్రియ 'జరుగుతోంది' అన్న రూపంలో ఉంది కాబట్టి ఇంగ్లిష్‌లో ఇంగ్ వచ్చేస్తుంది. కానీ వినిపించడం, కనిపించడం, అర్థం కావడం, ఇష్టపడడం లాంటి క్రియలను ఇంగ్లిష్ మామూలుగా ఇంగ్ లేకుండానే వాడుతుంది. వినిపించకపోతే 'ఐ కాంట్ హియర్ యు', కనిపించకపోతే 'ఐ కాంట్ సీ ఇట్', అర్థం కాకపోతే 'ఐ డోంట్ అండర్‌స్టాండ్'. ఈ మూడూ వాక్యాలుగానే నోటికి పట్టించుకోండి. ఫోన్లో వ్యాకరణం ఆలోచించే తీరిక ఉండదు.

అలాగని కు ఉన్న ప్రతి వాక్యాన్నీ తిరగరాయక్కర్లేదు. 'అతను నాకు పుస్తకం ఇచ్చాడు'లో ఇచ్చినవాడు వేరే ఉన్నాడు, నేను పుచ్చుకున్నాను. అక్కడ 'హి గేవ్ మీ ఎ బుక్' మామూలుగానే కుదురుతుంది. వాక్యంలో వేరే కర్త ఉన్నాడా అని ఒకసారి చూసుకుంటే చాలు.

ఇక 'నుంచి' సంగతి. తెలుగులో ఇది ఒక్కటే ముక్క, ఇంగ్లిష్‌లో మాత్రం మూడు దారులు. నుంచి ముందు ఉన్నది కాలం పొడవైతే, అంటే రెండు రోజులు, ఐదేళ్ళు, గంటసేపు లాంటిదైతే, ఫర్. కాలంలో ఒక బిందువైతే, అంటే సోమవారం, నిన్న, చిన్నప్పుడు లాంటిదైతే, సిన్స్. ఇక మీదట మొదలయ్యేదైతే, లేదా అది బయల్దేరిన చోటైతే, అప్పుడే ఫ్రమ్. 'రేపటి నుంచి వస్తాను' అనేది 'ఐ విల్ కమ్ ఫ్రమ్ టుమారో' అవుతుంది. 'సోమవారం నుంచి శుక్రవారం వరకు'కి కూడా ఫ్రమ్ సరిపోతుంది, అక్కడ రెండు చివరలూ చెబుతున్నాం కాబట్టి.

చాలామంది ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతారు. ఫ్రమ్ తీసి ఫర్ పెట్టి, 'ఐ యామ్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్' అని రాసి, దిద్దేశాం అనుకుంటారు. సగమే దిద్దారు. 'ఐదేళ్ళ నుంచి పనిచేస్తున్నాను' అన్నప్పుడు తెలుగు క్రియ వర్తమానంలోనే ఉంటుంది, వెనకటి ఐదేళ్ళ సంగతి 'నుంచి' ఒక్కటే చూసుకుంటుంది. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. వెనక మొదలై ఇప్పటికీ సాగుతోందన్న విషయం క్రియలో కూడా కనిపించాలి. కాబట్టి 'ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్' అనాలి. జ్వరం పని కాదు, స్థితి. అందుకని ఇంగ్ రాదు, 'ఐ హ్యావ్ హ్యాడ్ ఎ ఫీవర్ ఫర్ టూ డేస్' అవుతుంది. జ్వరం తగ్గిపోయి ఉంటే తెలుగులోనే మనం నుంచి వాడం, 'రెండు రోజులు జ్వరం వచ్చింది' అంటాం. అది 'ఐ హ్యాడ్ ఎ ఫీవర్ ఫర్ టూ డేస్'. చూడండి, రెండింట్లోనూ ఫర్ టూ డేస్ మారలేదు. జ్వరం ఇంకా ఉందా లేదా అన్నది ఒక్క హ్యావ్ తేలుస్తోంది. దాన్ని వదిలేస్తే మీరు కోలుకున్నారని అవతలివాళ్ళు అనుకుంటారు.

కాలం మాట వచ్చింది కాబట్టి రెండు జంట తప్పులు కూడా చెప్పేస్తాం. 'రెండు రోజుల క్రితం' అంటే 'బిఫోర్ టూ డేస్' కాదు, 'టూ డేస్ ఎగో'. ఈ రోజు లెక్కన 'రెండు రోజుల్లో వస్తాను' అనడానికి 'ఇన్ టూ డేస్' అనాలి, 'ఆఫ్టర్ టూ డేస్' అని కాదు.

రెండో వాక్యంలో చిన్న పనే. 'రాలేకపోయాను'లో జరిగిపోయిన సంగతిని చెప్పే గుర్తు చివర ఒక్కసారే ఉంది. ఇంగ్లిష్‌లోనూ ఒక్కసారే ఉండాలి, దాన్ని కుడ్ ఇప్పటికే మోస్తోంది. కాబట్టి కేమ్ కాదు, కమ్. 'డిడ్ నాట్ వెంట్' అనేది కూడా ఇదే పొరపాటు. డిడ్, కుడ్, వుడ్ ఉన్న చోట తర్వాతి క్రియకు మళ్ళీ భూతకాలం తగిలించకండి.

మూడో వాక్యం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. మీ ఆరింట్లో ఇంగ్లిష్ చదివేవాడికి బొత్తిగా దారి తప్పేది ఇదే. 'యెస్టర్డే యు సెంట్ ఫైల్' దాకా చదివి అతను 'నిన్న మీరు ఫైలు పంపారు' అని అర్థం చేసుకుంటాడు. ఆ తర్వాత 'ఐ సా' ఎక్కడ తగిలించాలో తెలియదు. తెలుగులో 'పంపిన' అన్న మాటలోని న 'ఇది క్రియ కాదు, తర్వాత వచ్చే ఫైలుకు విశేషణం' అని చెబుతుంది. సెంట్ అన్న మాటకు ఆ తోక లేదు. అందుకని ఇంగ్లిష్ ఫైలును ముందు చెప్పి, దాని వివరాన్ని వెనక పెడుతుంది. 'ద ఫైల్ యు సెంట్.' ఈ తిప్పడం ఒక అలవాటు కింద చేసుకోవచ్చు. తెలుగులో చేసిన, వచ్చే, రాని, చూస్తున్న లాంటి మాట కనబడితే దాని పక్కనున్న నామవాచకాన్ని గుండ్రంగా చుట్టండి. ఇంగ్లిష్‌లో ఆ చుట్టిన మాటను ముందు రాసి, మిగతాది దాని వెనక రాయండి. 'నిన్న వచ్చిన అమ్మాయి' అంటే ముందు 'ద గర్ల్', వెనక 'హు కేమ్ యెస్టర్డే'.

ఇక్కడే ఎవరూ పెద్దగా చెప్పని చిక్కు ఒకటుంది. 'నేను మాట్లాడిన మనిషి' అన్నప్పుడు ఆ మనిషితో మాట్లాడాను అన్న 'తో' వాక్యంలో ఎక్కడా కనిపించదు. 'మాట్లాడిన' దాన్ని మింగేసింది. తెలుగు వినేవాడు సందర్భాన్ని బట్టి ఊహించుకుంటాడు, ఇంగ్లిష్ మాత్రం ఊరుకోదు. 'ద మ్యాన్ ఐ స్పోక్' అంటే వాక్యం ఇంకా పూర్తికాలేదు, 'ద మ్యాన్ ఐ స్పోక్ టు' కావాలి. 'నేను పనిచేసే ఆఫీసు'లో 'లో' దాక్కుంది కాబట్టి 'ద ఆఫీస్ ఐ వర్క్ ఇన్' లేదా 'ద ఆఫీస్ వేర్ ఐ వర్క్' అవుతుంది. దాక్కున్న ముక్కను పట్టుకోవాలంటే వాక్యాన్ని విడదీసి చూడండి. మనిషితో మాట్లాడాను, ఆఫీసులో పనిచేస్తాను. విడదీయగానే తో, లో బయటపడతాయి. ఫైలు పంపారు, ఫైలుతో పంపారు కాదు, కాబట్టి మీ వాక్యంలో వెనక ఏమీ తగిలించనక్కర్లేదు.

అన్నట్టు, మీ తెలుగు వాక్యంలోనే ఒక సందేహం ఉంది. నిన్న జరిగింది పంపడమా, చూడడమా? తెలుగులో రెండు అర్థాలూ వస్తాయి. ఇంగ్లిష్‌లోకి వచ్చేటప్పుడు మీరు తేల్చుకోక తప్పదు. నిన్న పంపారనైతే 'ఐ హ్యావ్ సీన్ ద ఫైల్ యు సెంట్ యెస్టర్డే'. నిన్న చూశాననైతే 'యెస్టర్డే ఐ సా ద ఫైల్ యు సెంట్'. మాట తర్వాత మాట మారుస్తూ పోయేవాళ్ళకు ఈ సందేహం కనిపించదు. అర్థం చూసి రాసేవాళ్ళకు ఇలాంటివి తెలుగులో రాసేటప్పుడే తడతాయి.

నాలుగో వాక్యంలో 'ఉన్నాయి' చూడండి. 'ఆర్ దేర్' అని చివర పెడితే ఆ దేర్ 'అక్కడ' అయిపోతుంది. అది 'ఉంది' అని అర్థమిచ్చేది వాక్యం మొదట్లో నిలబడినప్పుడు. కొత్తగా ఒక విషయం ఉందని చెప్పేటప్పుడు 'దేర్ ఆర్ టూ మిస్టేక్స్ ఇన్ ఇట్'. ఇద్దరికీ తెలిసిన వస్తువు ఎక్కడుందో చెప్పేటప్పుడు దేర్ అసలు వద్దు, 'ద ఫైల్ ఈజ్ ఆన్ ద టేబుల్'. ఒకరికి ఏదో ఉందని చెప్పేటప్పుడు హ్యావ్. 'నాకు ఇద్దరు తమ్ముళ్ళున్నారు' అంటే 'టు మీ టూ బ్రదర్స్ ఆర్ దేర్' కాదు, 'ఐ హ్యావ్ టూ యంగర్ బ్రదర్స్'. ఒకే 'ఉంది', మూడు ఇళ్ళు.

ఐదో వాక్యంలో ఓ చూడండి. 'ఎప్పుడు సరిచేస్తారు?' అంటే అసలు ప్రశ్న. 'ఎప్పుడు సరిచేస్తారో' అంటే ఆ ప్రశ్న ఇంకో వాక్యం లోపలికి వెళ్ళిపోయింది. ఆ తేడాను తెలుగు చివరి అక్షరంతో చూపిస్తుంది, మాటల వరస కదలదు. ఇంగ్లిష్‌లో చివర ఏమీ ఉండదు, వరసే తేడా చూపించాలి. బయట నిలబడిన ప్రశ్నలో విల్ ముందుకు వస్తుంది, 'వెన్ విల్ యు కరెక్ట్ దెమ్?' లోపలికి వెళ్ళిన ప్రశ్నలో విల్ వెనక్కి వెళుతుంది, 'టెల్ మీ వెన్ యు విల్ కరెక్ట్ దెమ్.' అంటే తెలుగు వాక్యంలో ఓ వినబడితే ఇంగ్లిష్‌లో మాటలు తిప్పకూడదు. 'ఆయన ఎక్కడుంటారో తెలియదు' అన్నా ఇంతే, 'ఐ డోంట్ నో వేర్ హి లివ్స్'. 'వేర్ డజ్ హి లివ్' అక్కడ ఇమడదు. 'వస్తారో లేదో' లాంటి జంట ఓలు వస్తే ఇఫ్ గానీ వెదర్ గానీ పెట్టి రాయండి, 'ఐ డోంట్ నో ఇఫ్ హి విల్ కమ్'.

ఆ వాక్యంలోనే 'చెప్పండి'లోని అండి కూడా ఎక్కడో జారిపోయింది. మీరు మర్యాదగానే అన్నారు. 'టెల్ మీ' మాత్రం పై అధికారి గదమాయించినట్టుంది. ఉత్తరాల్లో 'ప్లీజ్ లెట్ మీ నో' అంటే అండి తిరిగి వచ్చినట్టే. ఇంకొకటి, తెలుగులో 'సరిచేస్తారో' అంటే వేటినో చెప్పకపోయినా నడుస్తుంది. ఇంగ్లిష్‌లో కరెక్ట్ తర్వాత దెమ్ ఉండాలి.

చివరి వాక్యం భాష పరంగానే కాదు, విషయం పరంగా కూడా తప్పుదారి పట్టిస్తుంది. 'మేనేజర్ టోల్డ్ దట్ ఐ విల్ కమ్ టుమారో' చదివినవాళ్ళు రేపు మీకోసం ఎదురుచూస్తారు, మేనేజర్ కోసం కాదు. తెలుగులో 'అని' ముందు ఎవరి మాట వాళ్ళదే ఉంటుంది. 'వస్తాను' అన్నది మేనేజర్ నోటి మాట, కాబట్టి ఆ ను మేనేజర్ది. ఇంగ్లిష్‌లో మాట మీ నోట్లోంచి వస్తోంది కాబట్టి ఐ అంటే మీరే. 'అని' కనబడగానే 'ఈ నేను ఎవరు?' అని అడిగి, ఆ మనిషిని హి గానో షి గానో మార్చండి. 'ద మేనేజర్ సెడ్ హి విల్ కమ్ టుమారో.' ఆ రోజు ఇంకా రాలేదు కాబట్టి విల్ నడుస్తుంది, వుడ్ అన్నా తప్పులేదు. టోల్డ్ మాత్రం ఒంటరిగా నిలబడదు, ఎవరికి చెప్పారో పక్కనే ఉండాలి, 'టోల్డ్ మీ'. ఎవరికో చెప్పనక్కర్లేకపోతే సెడ్ వాడండి. మీరు 'గారు', 'చెప్పారు' అన్నారు కదా అని దే అనకండి, తెలిసిన ఒక్క మనిషి గురించి గౌరవం కోసం ఇంగ్లిష్ బహువచనం వాడదు. అయితే తెలుగు గౌరవ రూపంలో ఆడా మగా తెలియదు, హి, షి ఎంచుకునే పని మీదే.

రమ్మని, చెయ్యమని లాగా క్రియకు 'మని' తగిలితే అది ఆజ్ఞ. 'నన్ను రమ్మని చెప్పారు' అంటే 'హి టోల్డ్ మీ టు కమ్'. 'వస్తావా అని అడిగారు' అంటే ప్రశ్న, 'హి ఆస్క్‌డ్ మీ ఇఫ్ ఐ వుడ్ కమ్'. ఇక్కడ కూడా తెలుగులోని 'నువ్వు' ఇంగ్లిష్‌లో ఐ అయింది, గమనించారా?

ఇవన్నీ కలిపితే మీ ఉత్తరం ఇలా వస్తుంది: "ఐ హ్యావ్ హ్యాడ్ ఎ ఫీవర్ ఫర్ టూ డేస్, సో ఐ కుడ్ నాట్ కమ్ టు ద ఆఫీస్. ఐ హ్యావ్ సీన్ ద ఫైల్ యు సెంట్ యెస్టర్డే. దేర్ ఆర్ టూ మిస్టేక్స్ ఇన్ ఇట్. ప్లీజ్ లెట్ మీ నో వెన్ యు విల్ కరెక్ట్ దెమ్. ద మేనేజర్ సెడ్ హి విల్ కమ్ టుమారో." ఎ, ద అనేవి తెలుగులో లేవు కాబట్టి వాటిని విడిగా చివర్లో చూసుకోండి. మొదటిసారి ఎత్తుకున్న, లెక్కపెట్టగలిగిన ఒక్క వస్తువుకు ఎ, ఏ వస్తువో ఇద్దరికీ తెలిసినప్పుడు ద. అన్ని సందర్భాలూ ఇందులో ఇమడవు, కానీ ఆఫీసు ఉత్తరాల్లో చాలావాటికి ఇది చాలు.

ఇక రాసే పద్ధతి. తెలుగు వాక్యాన్ని మొదటి మాట నుంచి మార్చడం మొదలుపెట్టకండి. చివరికి వెళ్ళి క్రియ పట్టుకోండి. ఆ పని ఎవరిదో అడిగి, ఆ మనిషినీ క్రియనూ ఇంగ్లిష్‌లో ముందు రాయండి. తర్వాత దేన్ని, ఆ తర్వాత ఎక్కడ, ఎప్పుడు. రాశాక, తెలుగు వాక్యంలో కు, నుంచి, న, ఉంది, ఓ, అని అనేవి ఎక్కడెక్కడున్నాయో గీతలు గీసి, ఒక్కోదానికీ ఇంగ్లిష్‌లో ఏం చేశారో చూసుకోండి. ఒక గీతకు జవాబు దొరక్కపోతే తప్పు అక్కడే ఉంది. ఇంకో పరీక్ష కూడా ఉంది. మీ ఇంగ్లిష్ వాక్యాన్ని మాట తర్వాత మాటగా తెలుగులోకి మార్చి చదవండి. అది చక్కటి తెలుగులా వినిపించిందంటే అనుమానించండి. మంచి ఇంగ్లిష్ వాక్యం అలా మారిస్తే 'నేను చూశాను ఫైలు మీరు పంపింది' అన్నట్టు కాస్త అడ్డదిడ్డంగా ఉండాలి.

ఈ ఉత్తరానికి జవాబుగా ఎవరైనా ఫోన్ చేసి 'డిడంట్ యు ఫైండ్ ఎనీ అదర్ మిస్టేక్స్?' అని అడిగితే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. 'ఇంకేం తప్పులు కనిపించలేదా?' అంటే తెలుగులో 'అవును, కనిపించలేదు' అంటాం, అడిగినవాడి మాటతో ఏకీభవిస్తూ. ఇంగ్లిష్‌లో 'యెస్' అన్నారంటే ఇంకా తప్పులు కనిపించాయని అర్థం. అడిగిన తీరును పక్కన పెట్టి అసలు సంగతి చూసుకోండి. కనిపించకపోతే 'నో, ఐ డిడంట్', కనిపిస్తే 'యెస్, ఐ డిడ్'.